సబ్జెక్ట్: వేర్‌హౌస్ సీనియర్ మేనేజర్ పోస్టుకు దరఖాస్తు – 14 ఏళ్ల అనుభవం, తప్పు పికింగ్ వెయ్యికి 14 నుంచి 3కి

ఆపరేషన్స్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మీ రెండు గోడౌన్లనూ కలిపి చూసుకునే సీనియర్ మేనేజర్ కోసం మీరిచ్చిన ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను. వేర్‌హౌస్ పనిలో నాకు 14 ఏళ్ల అనుభవం ఉంది. గత నాలుగేళ్లుగా 62 మంది పనిచేసే ఒక గోడౌన్‌కు మేనేజర్‌ని. రోజుకు సగటున 4,200 ఆర్డర్ లైన్లు మా చేతుల మీదుగా వెళ్తాయి.

రోస్టర్ వేయడం, స్టాక్ చూడటం, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో మాట్లాడటం ఈ సీట్లో ఎవరు కూర్చున్నా చేసే పనులే. అవన్నీ రెజ్యూమెలో ఉన్నాయి. నేను వచ్చాక ఏం మారింది, ఎంత మారింది, అందులో నా వంతు ఎంత అన్నది మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరినప్పుడు ప్రతి వెయ్యి లైన్లకు 14 తప్పు వస్తువులు వెళ్లేవి. అంటే రోజుకు దాదాపు 59. అందరూ పికర్ల అజాగ్రత్త అనేవాళ్లు. వారానికోసారి మీటింగ్ పెట్టి హెచ్చరించడం అప్పటికే అలవాటుగా మారింది, తప్పులు మాత్రం తగ్గలేదు. నేను మూడు వారాలపాటు ప్రతి తప్పునూ ఏ ర్యాక్‌లో జరిగిందో రాసుకుంటూ వచ్చాను. సగానికి పైగా తప్పులు కేవలం 40 లొకేషన్లలోనే జరుగుతున్నాయని తేలింది. ఒక రాత్రి షిఫ్టులో ఆ వరసలోకి వెళ్లి నిలబడ్డాను. 200 మి.లీ., 250 మి.లీ. సీసాలున్న కార్టన్లు ఒకే రంగులో, ఒకే సైజులో, పక్కపక్కనే ఉన్నాయి. తేడా తెలిపే అంకె కార్టన్ వెనకవైపు ఉంది. అక్కడ పనిచేసే పికర్ ఒకరు నాతో, "మేడమ్, చేత్తో ఎత్తి చూస్తే బరువును బట్టి తెలుస్తుంది, కానీ అంత టైమ్ ఎక్కడుంది?" అన్నారు.

అప్పటి నుంచి ఒకేలా కనిపించే వస్తువులను పక్కపక్కన పెట్టకూడదన్నది మా నియమం. కొత్త సరుకు వచ్చినప్పుడు లొకేషన్ ఇచ్చే దశలోనే దీన్ని చూస్తాం. ఎక్కువగా కదిలే సరుకును నడుము ఎత్తులోకి తెచ్చాం. కార్టన్ ముందువైపు పెద్ద అక్షరాల లేబుల్ వేశాం. తొమ్మిది నెలల్లో తప్పులు వెయ్యికి 3కి దిగాయి, ఏడాదిన్నరగా అక్కడే ఉన్నాయి. తప్పుగా వెళ్లిన ఒక్కో వస్తువు తిరిగొస్తే దాన్ని తీసుకుని, తనిఖీ చేసి, ర్యాక్‌లో పెట్టి, సరైనది మళ్లీ ప్యాక్ చేయడానికి మాకు దాదాపు 40 నిమిషాల పని పడేది. రోజుకు 46 తప్పులు తగ్గాయంటే సుమారు 30 గంటల పని మిగిలింది. ఆ గంటల వల్లే సీజన్‌లో అదనపు మనుషుల్ని తీసుకోవాల్సిన అవసరం బాగా తగ్గింది. నా పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరినీ మందలించాల్సిన పని పడలేదు.

సమయానికి డిస్పాచ్ 84 శాతం నుంచి 97 శాతానికి చేరింది. మధ్యాహ్నం 2 గంటల లోపు వచ్చిన ఆర్డర్ అదే రోజు సాయంత్రం 7 లోపు గేటు దాటితేనే 'సమయానికి' అని లెక్కిస్తాం, ప్యాకింగ్ పూర్తయితే చాలదు. ఈ పెరుగుదల మొత్తం నాదని చెప్పలేను. అదే ఏడాది మా కంపెనీ ట్రాన్స్‌పోర్టర్‌ను మార్చింది. నా అంచనాలో 13 పాయింట్లలో మూడో నాలుగో ఆ మార్పు వల్ల వచ్చినవి. మిగతావి, ఆర్డర్లను వచ్చిన వరసలో కాకుండా వాహనం బయలుదేరే వరసలో పికింగ్‌కు ఇవ్వడం వల్ల వచ్చాయి.

స్టాక్ లెక్క విషయానికొస్తే, ఏడాదికోసారి మూడు రోజులు గోడౌన్ మూసి లెక్కపెట్టే పద్ధతి ఆపి, రోజూ కొన్ని లొకేషన్లు లెక్కపెట్టే సైకిల్ కౌంట్ మొదలుపెట్టాను. విలువ ఎక్కువున్నవి నెలకోసారి, మధ్యస్థమైనవి మూడు నెలలకోసారి, మిగతావి ఆరు నెలలకోసారి లెక్కకు వస్తాయి. సిస్టమ్‌కూ ర్యాక్‌కూ సరిపోయే లొకేషన్లు 91 శాతం నుంచి 98.6 శాతానికి పెరిగాయి.

మనుషుల గురించి కూడా చెప్పాలి. నేను రాకముందు ఏడాదిలో 27 మంది మానేశారు, పోయిన ఏడాది 11 మంది. మానేస్తున్న ప్రతి ఒక్కరితో కూర్చుని మాట్లాడితే ఎక్కువమంది చెప్పింది జీతం గురించి కాదు. వచ్చే వారం ఏ షిఫ్టో శనివారం రాత్రి దాకా తెలియకపోతే ఇంట్లో ఏ పనీ ప్లాన్ చేసుకోలేకపోతున్నామన్నారు. ఇప్పుడు రోస్టర్ రెండు వారాల ముందే నోటీసు బోర్డు మీద ఉంటుంది. ప్రస్తుతం ఉన్న ఆరుగురు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లలో నలుగురు పికింగ్ నుంచి పైకి వచ్చినవాళ్లే.

మీ ప్రకటనలో కొత్త వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్ తెస్తున్నామని ఉంది. అందుకే నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పడం అవసరం అనుకుంటున్నాను. రెండేళ్ల క్రితం బార్‌కోడ్ స్కానర్లను సీజన్‌కు రెండు వారాల ముందు గోడౌన్ మొత్తంలో ఒకేసారి మొదలుపెట్టాను. ఆ తేదీ నిర్ణయం నాదే. మూడు రోజుల్లో సమయానికి డిస్పాచ్ 61 శాతానికి పడిపోయింది. నాలుగో రోజు కాగితం లిస్టులకు తిరిగి వెళ్లి, ఆ వారమంతా మూడు షిఫ్టుల్లోనూ ఫ్లోర్ మీదే ఉన్నాను. సీజన్ అయ్యాక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక జోన్, ఒక షిఫ్టు, రెండు వారాలు. అది కుదురుకున్నాకే తర్వాతి జోన్. రెండోసారి ఏ రోజూ 94 శాతం కంటే కిందికి దిగలేదు. మీ దగ్గర రెండు గోడౌన్లు ఉన్నాయి కాబట్టి ఈ అనుభవం సూటిగా పనికొస్తుంది. ఒకటి పూర్తిగా నిలబడేవరకు రెండోదాన్ని కదపకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడున్న కంపెనీలో నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇక్కడ ఉన్నది ఒక్క గోడౌనే. రెండు చోట్ల ఒకే పద్ధతి నిలబెట్టే పని చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పైన చెప్పిన అంకెల నెలవారీ వివరాలు, వాటిని ఎలా లెక్కించామో ఒక పేజీలో జతచేశాను. కస్టమర్ల పేర్లు, సరుకు వివరాలు అందులో తీసేశాను. నా రెజ్యూమె, ఫోన్ నంబరు కూడా జతచేసిన ఫైల్లో ఉన్నాయి. నోటీస్ పీరియడ్ 60 రోజులు. పనిదినాల్లో సాయంత్రం 6 తర్వాత, శనివారమైతే ఏ సమయంలోనైనా మాట్లాడగలను. వీలైతే ఇంటర్వ్యూకు ముందు మీ గోడౌన్లలో ఒకదాన్ని పికింగ్ జరిగే సమయంలో ఓ గంట చూసే అవకాశం ఇవ్వండి. అప్పుడు మీ అవసరం గురించి మరింత సూటిగా మాట్లాడగలుగుతాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

మాధవి
వేర్‌హౌస్ మేనేజర్

జతచేసినవి: రెజ్యూమె, నెలవారీ అంకెల పట్టిక