కొత్తగా చేరిన అమ్మాయిలకు వార్డెన్ ఉత్తరం

ప్రభుత్వ బీసీ కళాశాల బాలికల వసతి గృహం,
హనుమకొండ.
విద్యా సంవత్సరం: 2025-26

అమ్మాయిలూ,

మన హాస్టల్‌కు స్వాగతం. పెట్టె, బకెట్, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి డబ్బా సర్దుకున్నాక తీరిగ్గా ఇది చదవండి. నియమాల కాగితం మెట్ల దగ్గర అంటించే ఉంది, దాన్ని మళ్లీ రాయను. ఏం కావాలంటే ఎవరిని అడగాలి, ఎప్పుడు అడిగితే పని అవుతుంది అన్నదే ఈ ఉత్తరం. ఏదైనా అడగవచ్చు. నా చేతిలో లేనిదైతే లేదని అప్పుడే చెప్పేస్తాను, చూద్దాం లెమ్మని తిప్పించుకోను.

ముందు మీ మంచం చూసుకోండి. పరుపు కుట్ల వెంట, ఇనుప చట్రం సందుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నట్టే. ఆ రోజే చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎవరి పెట్టెలో వచ్చాయని ఎవరూ అడగరు. మంచాలను బయటికి తీసి సందుల్లో సలసల కాగే నీళ్లు పోయిస్తాం, పరుపులను డాబా మీద ఎండలో వేయిస్తాం, దుప్పట్లను వేడినీళ్లలో ఉతికిస్తాం. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారం పది రోజులకు ఇంకోసారి చేయాలి. చెప్పకుండా పక్క గదికి మారితే మీతోపాటు నల్లులూ మారతాయి. పడుకునే పరుపు మీద దోమల స్ప్రే కొట్టడం మాత్రం వద్దు, రాత్రంతా ఆ మందే పీలుస్తారు.

వేడినీళ్లకు హీటర్ రాడ్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఆఫీసులో ఇచ్చి పేరు రాయించండి, ఊరెళ్లేటప్పుడు తిరిగి ఇస్తాం. 1500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. గదిలో ఉన్న చిన్న ప్లగ్గులు 6 ఆంపియర్లవి. ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది, ఆ పైన ఫ్లోరంతా చీకటి. అంతకన్నా ప్రమాదం, స్విచ్ ఆపకుండా బకెట్‌లో చెయ్యి పెట్టడం. కింది బాత్రూమ్‌లో గీజర్ తెల్లవారుజామున 5 నుంచి 7:30 దాకా వేసి ఉంటుంది. జ్వరమో, నెలసరి నొప్పో ఉంటే ఏ వేళైనా వంటమ్మను అడగండి, గంజు నిండా కాచి ఇస్తుంది.

నెలసరి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. నా గది బయటి అల్మరాలో ప్యాడ్లు ఉంటాయి. తాళం ఉండదు, అడగనక్కర్లేదు, తీసుకోవడమే. అల్మరా ఖాళీ అయితే మాత్రం చెప్పండి. వాడినవి కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి. లెట్రిన్‌లో వేస్తే పైపు మూసుకుపోయి మూడు ఫ్లోర్లకూ ఇబ్బంది, అది బాగుచేయడానికి మనిషి దొరకాలంటే రెండు రోజులు.

భోజనం గురించి అందరికన్నా ఎక్కువ మాటలు పడేది నేనే కాబట్టి లెక్క చెబుతాను. కాలేజీ హాస్టల్ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే మెస్ చార్జీ నెలకు 2100 రూపాయలు, అంటే రోజుకు 70. పొద్దున టిఫిన్, రెండు పూటల భోజనం, సాయంత్రం స్నాక్స్, గుడ్లు, చికెన్, కూరగాయలు, నూనె అన్నీ అందులోనే. అందుకని రోజూ చికెన్ పెట్టలేను. కానీ కూరలో కారం తగ్గించమనండి, చారు పలుచగా ఉందనండి, అన్నం మెత్తబడిందనండి, ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా మారేవే. అన్నంలో పురుగు వస్తే పళ్లెం పక్కన పెట్టి లేచిపోకండి. నాకు చూపిస్తే ఆ బస్తా ఏదో చూసి పక్కన పెట్టిస్తాను. పారబోస్తే రేపూ అదే బియ్యం ఉడుకుతుంది. సరుకులు తూకం వేసేటప్పుడు మెస్ కమిటీ నుంచి ఇద్దరు పక్కనుండాలి, కొత్తవాళ్లు కూడా పేరివ్వండి.

శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం, రంజాన్ సహరీ, ఏదున్నా ముందురోజు సాయంత్రం ఆరులోపు వంటగది పలక మీద పేరు రాయండి. ఊరెళ్తున్నా అంతే. రాయకుండా వెళ్లిపోతే మీ వంతు అన్నం వండి పారేయాల్సి వస్తుంది.

స్కాలర్‌షిప్‌ను మాత్రం ఆఖరి వారం దాకా ఉంచకండి. ఈపాస్ దరఖాస్తు ఎక్కువగా మూడు చోట్ల ఆగుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉండటం ఒకటి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోవడం, లేదా చాలాకాలం వాడక ఖాతా నిద్రపోవడం రెండోది. దరఖాస్తులో హాస్టల్ అని కాకుండా డే స్కాలర్ అని నొక్కేయడం మూడోది. నెట్ సెంటర్‌లో తొందరలో జరిగేది ఇదే. అందుకే సబ్మిట్ కొట్టకముందే ఆధార్, మెమో, కులం, ఆదాయ సర్టిఫికెట్లు, పాస్‌బుక్ పట్టుకుని సాయంత్రం 5 నుంచి 6 మధ్య ఆఫీసుకు రండి. పక్కన కూర్చుని అక్షరం అక్షరం చూద్దాం. ఆధార్‌లో పేరు మార్పుకు రోజులు పడతాయి, గడువు మన కోసం ఆగదు.

జ్వరం వస్తే దాచకండి. వానాకాలంలో డెంగీ భయం ఉంటుంది. పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్ర వేసుకోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే అది అర్ధరాత్రయినా తలుపు కొట్టండి. 108 పిలిచి ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్తాం, తోడు నేనో వంటమ్మో వస్తాం. బకెట్లలో నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోసి తోమండి, డెంగీ దోమ ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది, ఎక్కువగా పగలే కుడుతుంది. మూర్ఛ, ఉబ్బసం, షుగర్, ఏదైనా మందు పడకపోవడం ఉంటే నాకు ఇప్పుడే చెప్పండి. మీరు ఒప్పుకుంటేనే మీ గది అమ్మాయిలకు చెబుతాను.

సీనియర్లు పాటలు పాడమనడం దగ్గర మొదలుపెట్టి బట్టలు ఉతకమనే దాకా వెళ్తే అది ర్యాగింగే. నాతో చెప్పండి. నాతో చెప్పలేకపోతే 1800-180-5522కు ఫోన్ చేయండి. ఇల్లు గుర్తొచ్చి ఏడుపు రావడం మామూలే, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తిండి, నిద్ర, చదువు మూడూ పోయాయంటే మాత్రం అది వేరు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, మీ దగ్గర ఫోన్ లేకపోతే ఆఫీసు ఫోన్ వాడుకోండి, నేను బయట కూర్చుంటాను.

సెలవుకు ఊరెళ్లేటప్పుడు అమ్మతోనో నాన్నతోనో నాకు ఫోన్ చేయించి, అవుట్‌పాస్ తీసుకోండి. బస్సులో మహాలక్ష్మి జీరో టికెట్‌కు ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కండక్టర్ ఒప్పుకోకపోవచ్చు. ఆలస్యమైతే గేటు బయట నిలబడి భయపడకండి, దారిలో ఉండగానే ఫోన్ చేయండి. గేటు తీస్తారు. ఎందుకు ఆలస్యమైందో పొద్దున మాట్లాడుకుందాం.

ఈ ఉత్తరంతోపాటు ఇచ్చిన చీటీ మీద వాడే మందులు, పడని తిండి, అవసరమైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ రాసి రేపు రాత్రి భోజనానికి వచ్చేటప్పుడు ఇవ్వండి. ఇంట్లో ఎవరికి చెప్పకూడదో కూడా ఉంటే అదీ రాయండి.

ఇట్లు,
మీ వార్డెన్