సివిల్ ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు, తల్లిదండ్రులకు

తేదీ: 2 ఆగస్టు 2025
రాజమహేంద్రవరం

ప్రియమైన విద్యార్థులకు, గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. మా విభాగంలోకి మీ అందరికీ స్వాగతం.

ముందుగా ఒక మాట దాచకుండా చెప్పేస్తాను. మీలో కొందరు కంప్యూటర్ సైన్స్‌లో సీటు రాక ఇక్కడికి వచ్చారు. కౌన్సెలింగ్‌లో మీరు పెట్టుకున్న ఆప్షన్ల వరుస ఏమిటో నేను అడగను, మా అధ్యాపకులూ అడగరు. ఇంట్లో కూడా ఇక ఆ ప్రస్తావన తేవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాను. భోజనాల దగ్గర రోజూ అదే మాట వింటుంటే పిల్లలకు పుస్తకం తెరవబుద్ధి కాదు.

ఆగస్టు 11, సోమవారం ఉదయం 9.30కి సెమినార్ హాల్లో పరిచయ కార్యక్రమం మొదలవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా తల్లిదండ్రులు కూడా ఉండాలి. అమ్మానాన్నలకు కుదరకపోతే అన్నయ్యో బాబాయో వచ్చినా సరే. ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్, బస్సు పాసుల సంగతి చూసే సిబ్బంది అక్కడే కూర్చుంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లతో పాటు రెండేసి జిరాక్సులు తెచ్చుకోండి. కాలేజీ ఎదురుగా ఉన్న షాపులో ఆ రోజు క్యూ రోడ్డు దాకా వస్తుంది.

పరిచయ కార్యక్రమం మూడు వారాలు. పాఠాలు సెప్టెంబర్ 1 నుంచి. అప్పటిదాకా వచ్చి ఏం లాభం అని ఏటా కొందరు ఇంటి దగ్గరే ఉండిపోతారు. తర్వాత నెలంతా ల్యాబ్ ఎక్కడ, ఎవరిని ఏం అడగాలి అంటూ తిరుగుతారు. ఉదయం యోగా, ఆటలు ఉంటాయి. మధ్యాహ్నం ఇంగ్లిష్‌లో మాట్లాడటం, లెక్కల్లో పునాదులు సరిచూసుకోవడం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. మొదట్లో పాఠం తెలుగులోనూ వివరిస్తాం. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి కాబట్టి ఆ సాధన తప్పదు.

ఆగస్టు 23, శనివారం అందరినీ ధవళేశ్వరం తీసుకెళ్తున్నాం. మూడు వారాల్లో నాకు బాగా ఇష్టమైన రోజు అది. 1852లో ఆర్థర్ కాటన్ పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ వచ్చింది. మీలో చాలామంది ఇళ్లలో వండే అన్నం ఆ నీళ్లతో పండిందే. అయినా ఎన్నోసార్లు దాని మీదుగా బస్సులో వెళ్లి కూడా గేట్లు ఎలా లేస్తాయో చూడని పిల్లలే ఎక్కువ. నదికి అడ్డంగా కట్టిన గోడ నీటిని కాలువల్లోకి ఎలా మళ్లిస్తుందో, ఇసుక మీద కట్టడం ఎందుకు కష్టమో అక్కడే నిలబడి మాట్లాడుకుందాం. ఆగస్టు కాబట్టి గోదావరి మీద ఓ కన్నేసి ఉంచుతాం. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే ప్రయాణం వాయిదా. అప్పుడు ఆ అడుగుల లెక్క ఎక్కడ, ఎలా కొలుస్తారన్నదే క్లాసులో పాఠం అవుతుంది.

ఇక మేం ఆశించేవి. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం, వైద్య ధ్రువపత్రం చూపి మినహాయింపు అడగవచ్చు. అంతకన్నా తగ్గితే నా చేతుల్లో ఏమీ ఉండదు. పెళ్లిళ్ల సీజన్‌లో తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. థియరీ సబ్జెక్టుకు 30 మార్కులు ఇంటర్నల్స్, 70 చివరి పరీక్ష. ఇంటర్‌లో లాగా ఆఖరి నెలలో బట్టీ పట్టి గట్టెక్కుదామంటే ఇంజినీరింగ్ డ్రాయింగ్ దగ్గర దొరికిపోతారు. అది చెయ్యి తిరగాల్సిన పని. ఏ వారం షీట్ ఆ వారమే పూర్తి చేయాలి. పక్కవాడి షీట్ మీద ట్రేసింగ్ చేస్తే గీత చూడగానే మాకు తెలిసిపోతుంది. మినీ డ్రాఫ్టర్ అప్పుడే కొనకండి, సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతుంది.

సీనియర్ల మాట వచ్చింది కాబట్టి ర్యాగింగ్ గురించి కూడా. పేరు అడిగి పాట పాడమనడం దగ్గరే అది మొదలవుతుంది. సరదాకేలే అని ఊరుకోవద్దు. నా గది తలుపు తీసే ఉంటుంది. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటికి రాదు. మీరూ, తల్లిదండ్రులూ ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రాలు నింపి 11న ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఇంకొక్క మనవి. మార్కుల కోసం వారం వారం ఫోన్ చేయక్కర్లేదు, ఇంటర్నల్స్ అయ్యాక మేమే పంపిస్తాం. కానీ పిల్లవాడు సరిగా తినడం లేదనో, అమ్మాయి ఫోన్‌లో ముభావంగా ఉంటోందనో అనిపిస్తే వెంటనే చెప్పండి. ప్రతి ఇరవై మందికీ ఒక మెంటర్ ఉంటారు. 11న వాళ్లను మీకు పరిచయం చేస్తాను.

ఆ రోజు మధ్యాహ్న భోజనం మా క్యాంటీన్‌లోనే. తినేసి బయల్దేరండి.

ఇట్లు,
విభాగాధిపతి,
సివిల్ ఇంజినీరింగ్ విభాగం

మరో మాట: వర్క్‌షాప్‌లోకి చెప్పులతో రానివ్వం. బూట్లు మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.