ఒక బస్తీ బోనాలు: ఫీల్డ్‌లో చూసినవి, రాయనివి

బోనాల మీద నేను రాసిన ఈ పరిశోధన పేపర్‌లో బస్తీ పేరు లేదు, తేదీ కూడా లేదు. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ, ఇలా ఆదివారాల లెక్కన నడుస్తాయి కాబట్టి నేను ఏ ఆదివారం వెళ్లానో రాస్తే చాలు, హైదరాబాదోళ్లు ఏరియా పట్టేస్తారు. మనుషుల పేర్లన్నీ నేను పెట్టినవే.

పొద్దున ఎనిమిదింటికి యాదమ్మ వాళ్లింట్లో బెల్లమన్నం ఉడుకుతోంది. కొత్త కుండకి సున్నం, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, అంచు చుట్టూ వేపమండలు కట్టి, పైన మూతలో దీపం పెట్టింది. ఆ పని చేస్తూనే తన కోడలి గురించి ఒక మాట చెప్పింది. అదేంటో ఇక్కడ రాయట్లేదు, ఎందుకు రాయట్లేదో చెప్పినా సగం రాసేసినట్టే.

పోతరాజు సంగతి ఇంకో చిక్కు. ఆ గుడికి పోతరాజు ఒక్కడే, నేను ఏ పేరు పెట్టినా గల్లీలో పిల్లలు కూడా గుర్తుపడతారు. అందుకే ఒంటికి పసుపు, కాళ్లకి గజ్జెలు, చేతిలో కొరడా, తీన్మార్ దెబ్బకి ఊగిపోతూ బోనాల ముందు నడవడం, అంటే వెయ్యిమంది చూసిందే రాశాను, ఇంట్లో కూర్చుని మాట్లాడినవి మాత్రం "బస్తీలో ఒక పెద్దాయన" అని వేరే చోట వేశా.

మధ్యాహ్నం గుడి ముందు యాదమ్మకి పూనకం వచ్చింది. జుట్టు విడిపోయింది, వేపమండలు పట్టుకుని ఊగుతూ గట్టిగా ఏవో మాటలు, అందులో ఇద్దరు పక్కింటోళ్ల పేర్లు కూడా వచ్చాయి. డప్పులు ఆపలేదు, ఎవరో సాక పోశారు. నేను రికార్డర్ ఆపేశా, కొంచెం లేటుగా. పొద్దున ఆమె సంతకం పెట్టిన అంగీకార పత్రం ఆ నిమిషానికి చెల్లుతుందా అని అక్కడే డౌటొచ్చింది. ఉజ్జయిని మహంకాళి రంగం టీవీలో వస్తుంది, భవిష్యవాణి అందరి కోసమే చెప్తారు, కానీ ఈ గల్లీలో పలికింది అలాంటిది కాదు.

మూడోరోజు వెళ్లి అడిగా. "నాకేం యాదికి లేదు బిడ్డా, అమ్మ పలికింది, నన్నడిగితే నేనేం చెప్త? ఊగింది రాస్కో, మాట రాయకు." మరి ఆ మాట ఎవరిది, పర్మిషన్ ఎవరివ్వాలి? తేల్చుకోలేకపోయా, ఆ ఆడియో ముక్క మాత్రం ఆమె ముందే డిలీట్ చేశా.

ఫొటోల్లో గుడి ముందున్న ఫ్లెక్సీలు, వాటి మీది నాయకుల మొహాలు అడ్డమొస్తూనే ఉన్నాయి, ఒక్క ఫ్లెక్సీతో బస్తీ దొరికిపోద్ది, అందుకే అవన్నీ తీసేశా. యాదమ్మ మాత్రం "నా మొఖం వద్దు గని బోనం ఫొటో పెట్టు" అంది. ఆ కుండ మీద ముగ్గు ఎవరి చేతిదో గల్లీ మొత్తానికి తెలుసు. ఆ ఫొటో పేపర్‌లో పెట్టలేదు, ప్రింట్ తీయించి ఆమెకిచ్చా.