ఎమ్మెస్సీ పూర్తయింది, థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు

అందరికీ నమస్తే. నా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తయింది. పోయిన వారం వైవా అయింది, నిన్న రిజల్ట్ వచ్చింది, ఫస్ట్ క్లాస్. ఉద్యోగం చేసుకుంటూ, పాపని చూసుకుంటూ చదివిన చదువు కాబట్టి సంతోషం మామూలుగా లేదు. పొద్దున్నుంచి ఫోన్లు చేసి మెచ్చుకుంటున్న వాళ్లందరికీ థాంక్స్. అయితే ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు ఇంకెవరో గుర్తొస్తున్నారు, అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

థీసిస్‌లో కృతజ్ఞతలకి ఒక్క పేజీ ఇస్తారు. అందులో గైడ్, డిపార్ట్‌మెంట్, తల్లిదండ్రులు అని రాసేసరికే పేజీ నిండిపోయింది. అక్కడ పట్టని వాళ్లే ఎక్కువమంది. కొందరు పేరు పెట్టి రాయొద్దన్నారు, సిగ్గుపడ్డారు, అందుకని అందర్నీ వరసలతోనే పిలుస్తున్నాను, ఎవరికి వాళ్లకి అర్థమవుతుంది.

ముందుగా మా ల్యాబ్ అటెండర్ అన్నకి. నా ప్రాజెక్ట్ మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా మీద, ఏ యాంటీబయాటిక్ దాని మీద పని చేస్తోంది, ఏది చేయడం లేదు అని చూడటం. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ ఇందులో సగం పని గాజుసామాను కడగడం, బ్యాక్టీరియా తిని పెరిగే మీడియా కాచి, ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం, చల్లారాక ప్లేట్లలో సమంగా పోయడం. ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నిలబడాలి, కాస్త తేడా వస్తే వేరే క్రిములు బతికిపోతాయి, ఆ తర్వాత నేనెంత జాగ్రత్తగా చేసినా ఆ ప్లేట్లు దేనికీ పనికిరావు. అన్న ఎప్పుడూ ఆ మీటర్ దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. చదివింది హైస్కూల్ వరకే, కానీ మీడియా రంగు చూసి "మేడం, ఇది కొంచెం మాడింది, మళ్లీ చేద్దాం" అనేవాడు, ప్రతిసారీ ఆయన మాటే నిజమయ్యేది. ఒకరోజు రాత్రి కరెంటు పోయి, ప్లేట్లని వెచ్చగా ఉంచి బ్యాక్టీరియాని పెంచే ఇన్‌క్యుబేటర్ ఆగిపోయింది, జనరేటర్ లైన్ దానికి లేదు. డ్యూటీ అయిపోయినా ఆయనింకా వెళ్లలేదు, నాకు ఫోన్ చేసి, "మీ ప్లేట్లు బ్లడ్ బ్యాంకు పక్కగదిలో ఉన్న ఇన్‌క్యుబేటర్‌లోకి మారుస్తున్నా, టైమ్ కూడా రాసి పెట్టా" అన్నాడు. నేనేమీ చెప్పకుండానే టైమ్ రాసి పెట్టాడు చూడండి, అది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. ఎందుకంటే ఎంతసేపు బయట ఉన్నాయో తెలియకపోతే ఆ ప్లేట్లని లెక్కలోకి తీసుకోకూడదు. ఆయన రాసిన టైమ్ చూసుకుని, ప్లేట్లు బయట ఉన్నది నిమిషాల సేపేనని నమ్మకంగా నోట్ చేసుకోగలిగాను.

చదువుతున్నప్పుడు ఒక విషయం తెలిసింది, ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. బ్యాక్టీరియాని పెంచే మీడియా జెల్లీలా గట్టిపడటానికి మేం రోజూ వాడే అగార్‌ని ల్యాబ్‌లోకి తెచ్చింది ఫ్యానీ హెస్సే అనే ఆవిడ. భర్త వాల్టర్ హెస్సే జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో పని చేసేవాడు. అప్పట్లో జిలటిన్ వాడేవాళ్లు, వేడికి అది కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్నే తినేసేవి. ఆవిడ తన వంటింట్లో జెల్లీలకి వాడే అగార్ వేసి చూడమంది, అది 1881. ఆ మరుసటి ఏడు కాక్ క్షయ బ్యాక్టీరియా మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో అగార్ ప్రస్తావన ఉంది, హెస్సే దంపతుల పేరు మాత్రం లేదు. ఇన్నేళ్లు గడిచినా ప్రపంచంలో ప్రతి మైక్రోబయాలజీ ల్యాబ్ ఆవిడ చెప్పిన దాని మీదే నడుస్తోంది. ఇది చదివినరోజే అనుకున్నాను, నా చదువు పూర్తయితే నాకు సాయం చేసిన వాళ్లలో ఎవరినీ వదలకుండా చెప్పాలని.

నాతో పాటు డ్యూటీ చేసే తమ్ముడికి. పరీక్షలప్పుడు నా నైట్ షిఫ్టులన్నీ తను తీసుకున్నాడు, నేను తిరిగి చేస్తానంటే "తర్వాత చూద్దాంలే అక్కా" అని దాటేసేవాడు. దానికంటే పెద్ద సాయం ఇంకోటి చేశాడు. యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి జాగా వస్తుంది, దాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవాలి. ఆ అంచు కొన్నిసార్లు స్పష్టంగా ఉండదు, మనకి కావాల్సిన జవాబు వైపు కన్ను లాగుతుంది. అందుకని ప్రతి ప్లేటునీ నల్లగుడ్డ మీద పెట్టుకుని, నా రీడింగ్ ఏంటో చూడకుండా, తను వేరే కాగితం మీద కొలిచి రాసేవాడు. ఇద్దరికీ తేడా వస్తే మళ్లీ ఇద్దరం కొలిచేవాళ్లం. వైవాలో ఎగ్జామినర్ గారు "ఈ కొలతలు నిజంగా నువ్వొక్కదానివే చూశావా" అని అడిగితే, "లేదు సర్, ఇంకొకరు విడిగా చూశారు" అని ధైర్యంగా చెప్పగలిగాను. ఆ ధైర్యం తమ్ముడు ఇచ్చిందే.

మా గైడ్ మేడంకి. నా చాప్టర్లు తిరిగొచ్చేసరికి మార్జిన్ అంతా ఎర్రగా ఉండేది, చాలా వాక్యాల పక్కన ఒకటే ప్రశ్న, "నీకెలా తెలుసు?" అని. మొదట్లో ఏడుపొచ్చేది. కొన్నాళ్లకి రాసేటప్పుడే ఆ ప్రశ్న నాకు నేనే వేసుకోవడం అలవాటైంది, ఇప్పుడు ల్యాబ్‌లో రిపోర్ట్ మీద సంతకం పెట్టేటప్పుడు కూడా వేసుకుంటున్నాను. మేడం, మీరు మార్కుల కోసం నేర్పలేదని నాకు తెలుసు.

మా క్లాసులో పిల్లలకి. అందరూ నాకంటే చాలా చిన్నవాళ్లు, అయినా నన్ను వేరుగా చూడలేదు. డ్యూటీ వల్ల క్లాసుకి రాలేని రోజు సార్‌ని అడిగి పాఠం ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాళ్లు, బోర్డు మీద బొమ్మ వేస్తే దాని ఫోటో కూడా. బయోస్టాటిస్టిక్స్ నాకు అస్సలు ఎక్కలేదు, ఒక అమ్మాయి లంచ్ టైమ్‌లో నా పక్కన కూర్చుని కై స్క్వేర్ టెస్ట్ ఎందుకు చేస్తామో నా డేటాతోనే చేసి చూపించింది. తనకి ఆ రోజు వేరే పరీక్ష ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లోవాళ్ల గురించి ఎంత రాసినా తక్కువే. అత్తమ్మ సాయంత్రాలు పాపని తన దగ్గరే ఉంచుకుని, నేను గదిలో ఉన్నంతసేపూ టీవీ పెట్టలేదు. తనకి ఇష్టమైన సీరియల్ కథ మర్నాడు పక్కింటావిడని అడిగి తెలుసుకునేదని ఈ మధ్యే తెలిసింది. మా ఆయన చదివింది కామర్స్, అయినా పరీక్షల ముందురోజు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవారు, బ్యాక్టీరియా పేర్లు కూడబలుక్కుంటూ చదివి, నేను తప్పు చెప్తే పట్టుకునేవరకూ వచ్చారు. పాప నా డేటా షీట్ల మీద వరస నంబర్లు వేసి పెట్టింది, గుండ్రటి అంకెలతో, ప్రతి సున్నాలో రెండు కళ్లు పెట్టి. ఆ షీట్లు అలాగే ఫైల్‌లో ఉన్నాయి, తీయను.

అమ్మ ఫీజు కట్టాల్సిన రోజున తను దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, "ఎవరికీ చెప్పకు, తీర్చాల్సిన పని లేదు" అంది. అమ్మా, మొదటి మాట తప్పుతున్నాను. నాన్న ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు, ప్రతి పరీక్షకీ ముందే వచ్చి సెంటర్ బయట కూర్చునేవారు, నేను బయటకొచ్చాక నా ముఖం చూసి బండి స్టార్ట్ చేసేవారు.

ఇంకా ఉన్నారు. నాకు ముఖం తెలియనివాళ్లు. నా థీసిస్‌లో ప్రతి అంకె వెనకాలా ఒక మనిషి ఉన్నాడు, జ్వరంతోనో మంటతోనో ఆసుపత్రికి వచ్చి, చిన్న సీసాలో శాంపిల్ ఇచ్చి, పరిశోధనకి వాడుకోవచ్చని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు. కొందరు వేలిముద్ర వేశారు. నా దగ్గర వాళ్ల పేర్లు లేవు, ఉండకూడదు కూడా, కోడ్ నంబర్లే ఉన్నాయి. ఒంట్లో బాగోలేని టైమ్‌లో నిలబడి, నేను చెప్పేది ఓపిగ్గా విని సరే అన్నారు. ఒక పెద్దావిడ "దీనివల్ల నాకేం వస్తుంది తల్లీ" అని అడిగితే, "మీకు ఇప్పుడు వచ్చేదేమీ లేదమ్మా, తర్వాత వచ్చేవాళ్లకి ఏ మందు పని చేస్తుందో తెలియడానికి పనికొస్తుంది" అన్నాను. "అయితే రాసుకో" అంది. వాళ్లకి ఈ మాటలు చేరవు, అయినా రాయకుండా ఉండలేను.

మా ల్యాబ్ ఇన్‌ఛార్జ్ సర్‌కి కూడా, అడిగిన ప్రతిసారీ సెలవు ఇచ్చినందుకు, ప్రాజెక్ట్ రూల్స్ ప్రకారం జరుగుతోందా లేదా అని మాత్రం గట్టిగా చూసుకున్నందుకు.

చివరగా ఒక స్నేహితురాలి గురించి చెప్పాలి. నేనూ తనూ ఒకేరోజు అడ్మిషన్ తీసుకున్నాం. తను నాకంటే బాగా చదివేది, ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు, మొదటి సెమిస్టర్ మార్కులు చూసినా తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడితే చూసుకునేవాళ్లు లేక మధ్యలో ఆపాల్సి వచ్చింది. నాకు అత్తమ్మ ఉంది, తమ్ముడున్నాడు, అమ్మ డబ్బు ఉంది. తనకి ఆ టైమ్‌కి ఇవేవీ కలిసిరాలేదు. నాకు రిజల్ట్ వచ్చిందని తెలియగానే మొదట ఫోన్ చేసింది తనే, నాకంటే ఎక్కువ సంతోషపడింది. వచ్చే ఏడాది మళ్లీ చేరతానంటోంది. నా పుస్తకాలు, నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ సెమిస్టర్ వారీగా కట్టి తన కోసం పక్కన పెట్టాను, ఈ ఆదివారం ఇచ్చి వస్తాను. తన సాయంత్రం డ్యూటీలు కొన్ని నేను చేస్తానని కూడా మాట్లాడుకున్నాం.

రికార్డు చేసిన పాఠాలు మాత్రం ఫోన్‌లోనే ఉన్నాయి, పాఠం చెప్పిన సార్‌ని అడిగాను, పంచుకోవచ్చన్నారు. ఉద్యోగం చేస్తూ ఇదే సబ్జెక్ట్ చదువుతున్నవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టమనండి, పంపిస్తాను. నైట్ డ్యూటీ ఉన్న రోజు జవాబు కొంచెం ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి.