విద్యా రుణం విడతలను నేరుగా కళాశాల ఖాతాకే జమ చేయవలసిందిగా కోరుతూ శాఖా మేనేజర్ గారికి లేఖ

ఆత్మకూరు,
హనుమకొండ జిల్లా,
11 ఆగస్టు 2025.

గౌరవనీయులైన శాఖా మేనేజర్ గారికి,
హనుమకొండ శాఖ.

విషయం: మా అమ్మాయి నీలం శ్రావణి పేరిట మంజూరైన విద్యా రుణం (ఖాతా సంఖ్య చివరి నాలుగు అంకెలు 4172) మూడవ విడత మొదలుకొని మిగిలిన ఆరు విడతలను నా పొదుపు ఖాతాలో కాక, కళాశాల, హాస్టల్ ఖాతాల్లో నేరుగా జమ చేయడం గురించి.

అయ్యా,

మా అమ్మాయి శ్రావణి ఘట్‌కేసర్ సమీపంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కన్వీనర్ కోటాలో సీటు పొంది, ప్రస్తుతం బీటెక్ రెండవ సంవత్సరంలోకి ప్రవేశించింది. ఆమె చదువు కోసం మీ శాఖ నిరుడు 6,00,000 రూపాయల విద్యా రుణం మంజూరు చేసింది. అందులో ఆమె ప్రధాన రుణగ్రహీత కాగా, తండ్రిగా నేను సహ రుణగ్రహీతను. రుణాన్ని సెమిస్టరుకు 75,000 రూపాయల చొప్పున ఎనిమిది విడతలుగా ఇవ్వాలని, నాలుగు లక్షలు దాటిన రుణం కనుక మొత్తం ఖర్చులో ఐదు శాతం మా వాటాగా మేమే భరించాలని మంజూరు పత్రంలో ఉంది. ఆ ప్రకారం సెమిస్టరుకు అయ్యే 79,000 రూపాయలలో 4,000 రూపాయలు నేను చేతి నుంచి కడుతున్నాను. ఇంతవరకు రెండు విడతలు విడుదలయ్యాయి. ఆ రెండూ నా పొదుపు ఖాతాలోనే పడ్డాయి. రెండుసార్లూ ఏం జరిగిందో మీ దృష్టికి తేకపోతే నా విన్నపం అకారణంగా కనిపించవచ్చును గనుక, ముందుగా ఆ సంగతి మనవి చేసుకుంటున్నాను.

మొదటి విడత 75,000 రూపాయలు 2024 సెప్టెంబరు 19న నా ఖాతాలో జమ అయ్యాయి. అప్పటికి ఖాతాలో ఉన్న 2,300 రూపాయలతో కలిపితే 77,300. అదే ఖాతా నుంచి మా ట్రాక్టర్ రుణం కిస్తీ దానంతట అదే కోతపడేలా నేనే చాలా కాలం కిందట సంతకం చేసి ఇచ్చి ఉన్నాను. గడువు దాటి ఉన్న కిస్తీ 31,400 రూపాయలు విద్యా రుణం పడిన మరుసటి రోజు ఉదయమే కోతపడింది. ఆ సమయంలో నేను పత్తి చేనులో మందు కొట్టిస్తున్నాను, ఫోను ఇంటి దగ్గర ఉంది. సాయంత్రం వచ్చి చూస్తే రెండు సందేశాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, పైదానిలో మిగులు 45,900 అని ఉంది. ట్రాక్టర్ కిస్తీ నేను కట్టవలసినదే, దాన్ని కోయడం తప్పని నేను అనను. అయితే అమ్మాయి ఫీజు కోసం, అమ్మాయి పేరిట తీసుకున్న సొమ్ముతో అది చెల్లిపోయింది. కళాశాల గడువు సెప్టెంబరు 25. చేసేది లేక ఎనుమాముల మార్కెట్లో నేను పత్తి వేసే అడ్తిదారు దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 34,000 రూపాయలు తెచ్చి ఫీజు పూర్తి చేశాను. అప్పటికే గడువు దాటిపోయినందున కళాశాల వారు 1,500 రూపాయలు ఆలస్య రుసుము వేశారు. డిసెంబరు మొదటి వారంలో పత్తి అమ్మి అప్పు తీర్చేసరికి వడ్డీ 1,700 అయింది. విద్యా రుణం మీద మీ వడ్డీ ఒకవైపు నడుస్తుండగా, అదే ఫీజు కోసం అడ్తిదారుకు కూడా వడ్డీ కట్టుకున్నట్టయింది.

ఆ అనుభవంతో రెండవ విడత 2025 ఫిబ్రవరి 6న జమ కాగానే, ఇక ఖాతాలో ఒక్క పూట కూడా ఉంచకూడదని, అదే రోజు మీ శాఖలోనే డీడీ తీయించాను. కళాశాల గేటు మీద బోర్డుకు ఏ పేరు రాసి ఉన్నదో, అదే పేరు మీద డీడీ రాయించాను. తీరా కాజీపేటలో రైలెక్కి, ఘట్‌కేసర్‌లో దిగి, కళాశాల ఆఫీసుకు వెళ్తే అక్కడి అకౌంటెంటు గారు డీడీని అటూ ఇటూ తిప్పి చూసి, బ్యాంకు ఖాతా కళాశాల పేరు మీద కాక దాన్ని నడిపే సొసైటీ పేరు మీద ఉంటుందని, ఈ డీడీ జమ కాదని చెప్పి తిరిగి ఇచ్చారు. హాస్టల్ ఫీజుకు వేరే ఖాతా అన్న సంగతి కూడా ఆ రోజే తెలిసింది. మళ్ళీ హనుమకొండకు వచ్చి, ఆ డీడీ రద్దు చేయించి, రెండు డీడీలు తీసి మరోసారి వెళ్ళేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. మిరప ఏరే రోజులవి. కూలీలు చేనులో ఉండగా నేను రైల్లో ఉన్నాను. రెండుసార్లు రైలు ఖర్చు, రెండు దఫాల డీడీ కమీషన్ నాకే పడ్డాయి.

నిరుడు పత్రాల మీద సంతకాలు చేసేటప్పుడు సొమ్ము కళాశాలకే పంపే వీలుందా అని కౌంటర్ దగ్గర అడిగాను. ముందు మీ ఖాతాలో వేస్తాము, మీరు కట్టుకోండి అని సమాధానం వచ్చింది. అదే పద్ధతి కాబోలు అనుకొని ఊరుకున్నాను. ఈ వేసవి సెలవుల్లో అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి మంజూరు పత్రాన్ని వాక్యం వాక్యం చదివి వినిపించింది. రుణాన్ని అవసరాన్ని బట్టి దశలవారీగా, వీలైనంత మేరకు నేరుగా విద్యాసంస్థకు, పుస్తకాలు, పరికరాలు అమ్మేవారికి చెల్లిస్తామని అందులో స్పష్టంగా ఉంది. అంటే నేను కోరుతున్నది మీ నిబంధనలో ముందే రాసి ఉన్నదే గాని, కొత్తగా అడుగుతున్న వెసులుబాటు కాదు. దాన్ని మొదటే చదవకపోవడం నా పొరపాటు కూడా అని ఒప్పుకుంటున్నాను.

కాబట్టి మూడవ విడతను ఈ కింది విధంగా చెల్లించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఈ సెమిస్టరుకు ట్యూషన్ ఫీజు 35,000, ల్యాబు, పరీక్ష రుసుములు 4,000 కలిపి కళాశాలకు చేరవలసినది 39,000 రూపాయలు. హాస్టల్, మెస్సు కింద చేరవలసినది 40,000 రూపాయలు. విడత సొమ్ములోంచి 39,000 రూపాయలు కళాశాల ఫీజు ఖాతాకు, మిగిలిన 36,000 రూపాయలు హాస్టల్ ఖాతాకు పంపగలరు. హాస్టల్‌కు తక్కువపడే 4,000 రూపాయలు మా వాటాగా నేను ముందే ఆగస్టు 8న కట్టి, ఆ రసీదును దీనితో జతచేశాను. మా వాటా కట్టినట్టు రుజువు లేక విడత ఆగిపోకూడదని ఈ జాగ్రత్త తీసుకున్నాను.

రెండు ఖాతాల సంఖ్యలు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు, ఖాతాదారు పేర్లు కళాశాల వారు తమ లెటర్‌హెడ్ మీద ముద్ర వేసి, ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఇచ్చిన ఫీజు డిమాండ్ లేఖలో ఉన్నాయి. రెండింటి రద్దు చేసిన చెక్కుల నకళ్ళు కూడా ఇచ్చారు. ఫిబ్రవరిలో పేరు దగ్గరే దెబ్బ తిన్నాము గనుక, ఖాతాదారు పేరును ఆ చెక్కు మీద ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా నమోదు చేయించగలరు. రెండు మొత్తాలూ రెండు లక్షల లోపువే కనుక నెఫ్ట్ ద్వారా పంపవచ్చు. పంపేటప్పుడు వివరాల గడిలో అమ్మాయి అడ్మిషన్ నంబరు రాయిస్తే, వచ్చిన సొమ్ము ఏ విద్యార్థిదో కళాశాల వారు వెతుక్కోవలసిన పని ఉండదు. అది లేకపోతే సొమ్ము వాళ్ళ ఖాతాలో ఉండి కూడా, పిల్ల పేరు బకాయిల పట్టికలో కనిపిస్తుందని అకౌంటెంటు గారే చెప్పారు.

కళాశాల గడువు ఆగస్టు 30. మధ్యలో 15న స్వాతంత్ర్య దినోత్సవం, 16న కృష్ణాష్టమి, 23న నాలుగో శనివారం, 27న వినాయక చవితి ఉన్నందున పనిదినాలు తక్కువ. వీలైతే ఈ నెల 22వ తేదీ లోపు సొమ్ము పంపగలిగితే, ఒకవేళ ఏ కారణం చేతనైనా అది తిరిగి వచ్చినా సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. పంపిన రోజున యూటీఆర్ నంబర్లను మీ రికార్డులో ఉన్న నా ఫోన్ నంబరుకు తెలియజేయమని మనవి. వారం రోజుల్లో కళాశాల, హాస్టల్ రసీదులు రెండూ మీ శాఖకు నేనే తెచ్చి ఇస్తాను.

ఇంకొక విషయం. శ్రావణి ఎప్‌సెట్ ర్యాంకు పదివేలు దాటినందున ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 రూపాయల వరకే వర్తిస్తుంది. పైన చూపిన ట్యూషన్ ఫీజు అది పోను మేము కట్టవలసిన భాగమే. ఇకముందు ఏ కారణంగానైనా, హాస్టల్ మారినా, ఫీజు ఎక్కువ జమ అయినా, కళాశాల వారు సొమ్ము వాపసు ఇవ్వవలసి వస్తే, దాన్ని నాకో అమ్మాయికో చెక్కుగా ఇవ్వకుండా ఈ విద్యా రుణం ఖాతాకే తిప్పి పంపాలని వారికి రాసి ఇచ్చాము. ఆ నకలు కూడా జతచేశాను. చదువు కాలంలో సాధారణ వడ్డీయే అయినా, అది సొమ్ము విడుదలైన రోజు నుంచే లెక్కకు వస్తుంది గనుక, వాపసు సొమ్ము బయట తిరగడం మాకు మంచిది కాదు, మీకూ మంచిది కాదు. వడ్డీ రాయితీ కోసం తహసీల్దార్ గారు ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం నిరుడే సమర్పించాను. కొత్తది కావాలంటే తెలియజేస్తే తెచ్చి ఇస్తాను.

ఈ ఏర్పాటును నాలుగో విడత నుంచి ఎనిమిదో విడత వరకు కూడా కొనసాగించాలని, ప్రతి సెమిస్టరుకు మళ్ళీ కొత్త దరఖాస్తు అడగకుండా కళాశాల డిమాండ్ లేఖ, ముందరి సెమిస్టరు మార్కుల మెమో, మా వాటా రసీదు అందగానే విడత విడుదల చేయాలని కోరుతున్నాను. దీని కోసం రుణ ఖాతాలో చెల్లింపు సూచనను మార్చవలసి ఉంటే, అవసరమైన ఫారం మీద మేమిద్దరం సంతకం చేస్తాము. అమ్మాయి 15వ తేదీకి ఊరికి వస్తుంది, 18న సోమవారం ఉదయం ఇద్దరం శాఖకు రాగలము. ట్రాక్టర్ కిస్తీ కోత ఎప్పటిలా నా పొదుపు ఖాతా నుంచే సాగనివ్వండి. పత్తి, మిరప సొమ్ముతో దాన్ని నేను చూసుకుంటాను.

మొదటి సంవత్సరం రెండు సెమిస్టర్లలోనూ శ్రావణి అన్ని సబ్జెక్టులూ ఉత్తీర్ణురాలైంది. మెమోలు జతచేశాను.

జతపరిచినవి: కళాశాల ఫీజు డిమాండ్ లేఖ, రద్దు చేసిన చెక్కుల నకళ్ళు రెండు, బోనఫైడ్ సర్టిఫికెట్, మొదటి సంవత్సరం మార్కుల మెమోలు, 4,000 రూపాయల హాస్టల్ రసీదు, వాపసు సొమ్ము గురించి కళాశాలకు ఇచ్చిన లేఖ నకలు, మంజూరు పత్రం నకలు. ఈ లేఖ రెండవ ప్రతి మీద అందినట్టుగా శాఖ ముద్ర, తేదీ వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
నీలం సమ్మయ్య
(సహ రుణగ్రహీత, తండ్రి)

పై విన్నపానికి నా పూర్తి సమ్మతి ఉన్నది.
నీలం శ్రావణి
(ప్రధాన రుణగ్రహీత)