వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా చదువుకు స్కాలర్‌షిప్ కోరుతూ దరఖాస్తు లేఖ

తలుపుల,
శ్రీ సత్యసాయి జిల్లా.
16 జూన్ 2025.

అధ్యక్షులు గారికి,
గ్రామీణ విద్యార్థినుల స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీ,
అనంతపురం.

విషయం: మూడేళ్ల వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమాకు ఆర్థిక సాయం కోరుతూ.

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం.

నా పేరు బి. లావణ్య. ఈ ఏడాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పూర్తి చేశాను. 600కి 548 మార్కులు వచ్చాయి, లెక్కల్లో 96. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమాకు దరఖాస్తు పెట్టాను. నా మొదటి ఎంపిక కలికిరి పాలిటెక్నిక్. మా ఊరి నుంచి రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు కాబట్టి హాస్టల్లో ఉండాలి. ఆ ఖర్చుకే మీ సాయం అడుగుతున్నాను. ఎందుకు చదవాలనుకుంటున్నానో కారణాలు వివరంగా రాయమని మీ ప్రకటనలో ఉంది. అందుకే ఉత్తరం కాస్త పెద్దదైంది, మన్నించండి.

మాకు నాలుగెకరాల ఇరవై సెంట్ల భూమి ఉంది. మూడెకరాలు మెట్ట. అందులో ఏటా వానకి చెనక్కాయ వేస్తాం, మధ్యలో కంది సాళ్లు. మిగిలిన దానికి బోరు కింద డ్రిప్పు ఉంది. అందులో టమాటా, లేదంటే కూరగాయలు. నాయన వేయించిన బోర్లలో ఇప్పుడు నీళ్లు పోసేది ఒక్కటే, అదీ ఎండాకాలంలో ఇంచు కూడా రాదు. ఎండిపోయిన బోర్ల కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. బ్యాంకులో పంట రుణం, అమ్మ గొలుసు మీద తెచ్చిన రుణం వేరే ఉన్నాయి. ఆదాయ ధ్రువపత్రంలో ఏడాదికి 96 వేలు అని ఉంది. చెనక్కాయ పండిన ఏడు అంతకన్నా కొంచెం ఎక్కువే వస్తుంది, ఎండిన ఏడు విత్తనం ఖర్చు కూడా తిరిగి రాదు. తమ్ముడు ఎనిమిదో తరగతి. డబ్బు సంగతి ఇంతటితో ఆపుతాను, కాగితాలు జత చేశాను.

నిరుడు విత్తనం వేసేటప్పుడు జరిగింది చెబితే ఈ చదువు మీద నాకు ఎందుకు మనసు పడిందో మీకు అర్థమవుతుంది.

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మా ఎర్రనేలల్లో మంచి వాన పడ్డాక రెండు మూడు రోజులే పదును ఉంటుంది, ఆలోపు విత్తేయాలి. ఊరందరికీ అదే రోజు ట్రాక్టర్ గొర్రు కావాలి. మా వంతు వచ్చింది. గొర్రు ఒకసారి చేను చివరిదాకా పోయాక వెనకాల నడుస్తూ మట్టి తీసి చూశాను. కొన్ని సాళ్లలో గింజలు గుత్తులు గుత్తులుగా పడ్డాయి, రెండు సాళ్లలో జానెడు దూరం దాకా ఒక్క గింజా లేదు. ఆపమని చెబితే డ్రైవరన్న, "పాపా, ఇది నిలబడితే బాడుగ ఎవరిస్తారు? అవతల పది మంది కాసుకోనుండారు" అన్నాడు. తప్పు అతనిది కాదు, అతనికి ఆ గొర్రును సరిచేయడం ఎవరూ నేర్పలేదు. నాయన మాత్రం, "అరగంట బాడుగ నేనిస్తాలే, పాప ఏం చేస్తుందో చేయనీ" అన్నాడు.

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఒక సారు అంతకుముందు రైతుల మీటింగులో చెప్పిన పద్ధతి నాకు గుర్తుంది. గొర్రును పైకి లేపి, చక్రం చుట్టుకొలత తాడుతో కొలిచాను. మీటరున్నర వచ్చింది. ప్రతి పైపు కింద ఒక కవరు కట్టి చక్రాన్ని పది చుట్లు తిప్పాం. అంటే పదిహేను మీటర్ల సాలు నడిచినట్టు. పది సెంటీమీటర్లకు ఒక గింజ చొప్పున పైపుకి 150 గింజలు పడాలి. మేం వేసింది కదిరి-6 రకం, ఆ గింజలు 150 అంటే సుమారు 65 గ్రాములు. కొట్టు నుంచి తెచ్చిన కాటాలో తూచితే కొన్ని కవర్లలో వంద గ్రాములు దాటాయి, రెండింట్లో ముప్పై కూడా లేవు. గింజను అందుకునే బిళ్లల్లో రెండు అరిగిపోయాయి, మిగతావి వేరే సైజు గింజవి. డ్రైవరన్న దగ్గర డబ్బాలో సరైన బిళ్లలు ఉన్నాయి! మార్చాడు. మళ్లీ తిప్పి తూచాం. ఆ పూట ఎకరాకి పది కిలోల పైనే విత్తనం మిగిలింది. విత్తనం కొనడానికే అప్పు తెచ్చే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. సాయంత్రం పక్క చేనువాళ్లు కూడా కవర్లు పట్టుకుని వచ్చారు.

ఇందులో నేను వాడినవి ఎనిమిదో తరగతి లెక్కలే. చుట్టుకొలత, నిష్పత్తి, అంతే. యంత్రం ఊళ్లోకి వచ్చినా దాన్ని నేలకీ గింజకీ తగినట్టు సరిచేసేవాళ్లు లేకపోతే నష్టం రైతుకే. మా చుట్టుపక్కల ఒక అద్దె యంత్రాల కేంద్రంలో కలుపు తీసే యంత్రం ఒకటి చిన్న రిపేరుకి నెలల తరబడి షెడ్డులోనే పడి ఉంది. ఆ పని తెలిసిన మనిషి మండలంలో ఒక్కరుంటే అది చేనులో తిరుగుతుండేది.

ఇంకో కారణం ఉంది. నాకు ఇదే అసలైనది. మా చేనులో దుక్కికి ట్రాక్టరు వచ్చింది, విత్తడానికి గొర్రు వచ్చింది, మందు కొట్టడానికి పవర్ స్ప్రేయర్ వచ్చింది. ఇవన్నీ మగవాళ్లు చేసే పనులు. కలుపు తీయడం, పీకిన చెట్ల నుంచి కాయలు విడదీయడం, విత్తనానికి కాయలు ఒలవడం, టమాటాలు కోయడం అమ్మ చిన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఇవి ఆడవాళ్ల పనులు. మా అమ్మకి నలభై ఏళ్లు నిండలేదు, కలుపుల కాలంలో రాత్రి నడుము పట్టేసి పక్కకి తిరగలేదు.

విత్తనం కాయలు మిషన్లో ఎందుకు వేయరని అడిగితే అందరూ ఒకటే మాట అంటారు: గింజ పగులుతుంది, పైపొర లేచిపోతుంది, మొలవదు. నిజమే. కానీ అది యంత్రాల నుదుటి రాత కాదు కదా. కాయ సైజుకీ జల్లెడకీ మధ్య సందు ఎంత ఉంచాలి, కాయలో తేమ ఎంత ఉండాలి అన్నది చూసుకుంటే పగులు తగ్గుతుంది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థవాళ్లు ఆడవాళ్లు కూర్చుని చేత్తో నడిపే వేరుశనగ ఒలిచే యంత్రం తయారు చేశారు. అలాంటివి ఉన్నాయని మా ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసినా పిడి ఎత్తు, బరువు తమకి సరిపోతాయో లేదో చెప్పేవాళ్లు, మార్చి ఇచ్చేవాళ్లు కావాలి. ఆ పని చేసే చోట కలుపు తీసి నడుము నొప్పి పడ్డ మనిషి ఒకరు ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. సెలవుల్లో నేనూ కూలికి పోతాను, అందుకే చెబుతున్నాను.

డ్రిప్పు గురించి ఎక్కువ రాయను. సబ్సిడీ మీద వేసిన పైపులు మా బోరు నీళ్లలోని సున్నానికి రెండేళ్లలోనే మూసుకుపోయాయి. ఫిల్టరు కడగడం, వారానికోసారి పైపుల చివర్లు విప్పి నీళ్లు వదలడం మా ఇంట్లో నా పని. యాసిడ్‌తో శుభ్రం చేయడం మాత్రం నాయన నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎంత నీటికి ఎంత కలపాలో సరిగ్గా నేర్చుకున్నాకే చేస్తానని నేనూ ఒప్పుకున్నాను.

ఈ డిప్లొమాలో వ్యవసాయ యంత్రాలు, నేల నీటి సంరక్షణ, సాగునీటి పద్ధతులు, పంట కోత తర్వాత చేసే పనుల యంత్రాలు చెబుతారు. వర్క్‌షాపులో వెల్డింగు, ఫిట్టింగు కూడా ఉంటాయి. ఇంటర్ ఎంపీసీ చదివి ఇంజనీరింగ్‌కి వెళ్లమని మా బడిలో కొందరు సలహా ఇచ్చారు. అది మంచి దారే, కానీ మూడేళ్లకి చేతిలో పని ఉండటం మా ఇంటికి అవసరం. డిప్లొమా తర్వాత ప్రవేశ పరీక్ష రాసి బీటెక్‌లో చేరే వీలు ఎలాగూ ఉంది, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల మా జిల్లాలోనే మడకశిరలో ఉంది. మొదట రెండేళ్లు మా మండలంలో యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రంలోనో, డ్రిప్పు కంపెనీలోనో పని చేసి అప్పు కొంత తీర్చాలి. తర్వాతే బీటెక్ మాట. రేపు మా ఇంటి పరిస్థితిని బట్టి ఈ వరస మారవచ్చు, ఇప్పుడే గట్టిగా మాట ఇవ్వలేను. పని మాత్రం ఇదే రంగంలో చేస్తాను.

ఖర్చు వివరాలు ఇవి. హాస్టల్ మెస్‌కి నెలకి 2,800 చొప్పున పది నెలలకి 28,000 అవుతుందని అక్కడ చదివిన ఒక అక్క చెప్పింది. పుస్తకాలు, డ్రాయింగ్ బోర్డు, డ్రాఫ్టరు కలిపి మొదటి ఏడాదికి 4,500. వర్క్‌షాపు యూనిఫాం, బూట్లు 2,500. పండగలకీ సెలవులకీ ఇంటికి వచ్చిపోయే ఛార్జీలు 3,500. మొత్తం 38,500 రూపాయలు. డ్రాయింగ్ సామాను, పుస్తకాల ఖర్చు మళ్లీ అంత ఉండదు కాబట్టి రెండో, మూడో ఏడాదికి 34,000 చొప్పున చాలు. మూడేళ్లకి కలిపి 1,06,500. పాత డ్రాఫ్టరు దొరికితే ఆ మేరకు తగ్గించి చెబుతాను.

కాలేజీ ఫీజుని ఈ లెక్కలో కలపలేదు. దానికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు చేస్తాను. హాస్టల్ ఖర్చుకి కూడా ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తే వెంటనే మీకు రాసి తెలియజేస్తాను, అంత మొత్తం మీరు తగ్గించుకోవచ్చు. ఒకే ఖర్చుకి రెండు చోట్ల డబ్బు తీసుకోవడం నాకూ మా ఇంట్లోవాళ్లకీ ఇష్టం లేదు. వీలైతే మెస్ డబ్బుని నేరుగా హాస్టల్‌కే కట్టండి. ఇంటి ఖాతాలో పడితే వడ్డీ కట్టాల్సిన నెలలో అది నిలవడం కష్టం. ఇది నాయన చెప్పి రాయించిన మాట.

ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా మీకు పంపుతాను. ఇంటర్వ్యూకి పిలిస్తే ఏ రోజైనా వస్తాను. వాన పడిన మరుసటి రోజైతే మాత్రం కొంచెం ఆలస్యం కావచ్చు, విత్తనం పని ఉంటుంది. అవసరమైతే మీ ప్రతినిధి ఎవరైనా మా చేనుకీ ఇంటికీ వచ్చి చూడవచ్చు.

పదో తరగతి మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం నకలు, రైస్ కార్డు నకలు, ప్రవేశ దరఖాస్తు రసీదు, మా ప్రధానోపాధ్యాయులు ఇచ్చిన లేఖ జత చేశాను. గొర్రు పైపుల తూకాలు రాసుకున్న నోటుపుస్తకం పేజీ జిరాక్స్ కూడా పెట్టాను. మీరు అడగలేదు, కానీ చూస్తారని ఆశ.

నా దరఖాస్తును పరిశీలించి సాయం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
బి. లావణ్య

తండ్రి సమ్మతి: ఇందులో రాసిన వివరాలన్నీ నిజం. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకోవడానికి నేను ఒప్పుకుంటున్నాను.
బి. రామాంజనేయులు (సంతకం)