విషయం: అక్టోబరులో నీటి పైపుల మార్పిడి – నోటీసుకు మా సమాధానం, మీ నిర్ణయం కావలసిన సంగతులు

గౌరవనీయులైన ప్రసాద్ గారికి,

నమస్కారం. మీరు, మేడమ్ గారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

హౌస్‌ఫర్వాల్టుంగ్ వారి నుంచి మీకు మ్యూనిక్ చిరునామాకు వచ్చిన జర్మన్ నోటీసును శనివారం మీరు ఫొటో తీసి పంపి, చదివి ఆ తేదీలు మాకు వీలవుతాయో లేదో రాయమన్నారు. మా జర్మన్ ఇంకా అంతంతమాత్రమే కనుక శ్రావణి, నేను నిఘంటువు దగ్గర పెట్టుకుని వాక్యం వాక్యంగా తెలుగులో రాసుకున్నాం. రెండో అంతస్తులోని పెద్దాయనకు కూడా అదే నోటీసు రావడంతో, ఆయన ఓపికగా మాతో కూర్చుని మిగిలిన సందేహాలు తీర్చారు. తేదీలు మాకు సమ్మతమే, పనికి మా వైపు నుంచి ఏ ఆటంకమూ ఉండదు. అయితే వంటగది అల్మరాలు, గోడలు పగలగొట్టేటప్పుడు లేచే దుమ్ము, ఈ రెండు విషయాల్లో మీ మాట తెలియనిదే మేం సమాధాన పత్రం పూర్తి చేయలేం. ఆ పత్రం సెప్టెంబరు 18 లోగా వారికి చేరాలని నోటీసులో ఉంది.

మేం అర్థం చేసుకున్నది సరిగ్గా ఉందో లేదో మీరు చూడగలరని సారాంశం ఇక్కడ రాస్తున్నాను. 1962లో కట్టిన ఈ భవనంలో కింది నుంచి పై అంతస్తుల వరకు వెళ్లే నిలువు నీటి పైపులు, మురుగు పైపులు తుప్పు పట్టినందువల్ల, ఓనర్ల సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం వాటిని పూర్తిగా మారుస్తున్నారు. ఎడమ వైపు ఫ్లాట్లకు, అంటే మన మూడో అంతస్తు ఫ్లాటుకు కూడా, అక్టోబరు 5 సోమవారం నుంచి 16 శుక్రవారం వరకు, పని దినాల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 4 గంటల దాకా పనివాళ్లు వస్తారు. టాయిలెట్ వెనక గోడ, వంటగదిలో సింకు వెనక గోడ తెరిచి, పాత పైపులు తీసి, కొత్తవి బిగించి, ఒత్తిడి పరీక్ష చేసి, పైపులను శుభ్రంగా కడిగి, ఆ తర్వాతే గోడలు మూసి టైల్స్ వేస్తారు. ఈ రెండు వారాలూ స్నానాల గది వాడడానికి వీలుండదు. కెల్లర్‌లోని బట్టలుతికే గదిలో ఒక షవరు, రెండు టాయిలెట్లు, ప్రతి అంతస్తు మెట్ల దగ్గర ఒక తాత్కాలిక కుళాయి ఏర్పాటు చేస్తారు. స్నానాల గదిలోని సామాను మొత్తం తీసేయాలి, వంటగదిలో ఆ గోడ నుంచి మీటరున్నర మేర ఖాళీ ఉంచాలి, పైపులు మన కెల్లర్ గదిలోంచి కూడా వెళుతున్నాయి కనుక అక్కడా దారి ఇవ్వాలి.

నిజం చెప్పాలంటే ఈ పని జరగడం మాకు సంతోషమే. పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు కొంచెంసేపు ఎర్రగా వస్తున్నాయని మార్చిలో మీకు రాశాను, మీరు వెంటనే వారి దృష్టికి తీసుకువెళ్లారు కూడా. రెండు వారాల ఇబ్బంది పోతే పోయింది, పాప స్నానానికి ఇక నీళ్లు పట్టి చూసుకోనక్కర్లేదు.

ఇక వంటగది సంగతి. అద్దె ఒప్పందం ప్రకారం వంటగదిలో బిగించిన అల్మరాలన్నీ మీవి. గోడకు అడ్డొచ్చే అల్మరాలను విప్పించి, పని అయ్యాక తిరిగి బిగించుకోవడం ఆయా ఫ్లాటు ఓనరు చూసుకోవాలని, పైపుల కంపెనీ వాటిని ముట్టుకోదని నోటీసు రెండో పేరాలో స్పష్టంగా ఉంది. మన దగ్గర సింకు కింది అల్మరా, దాని పైనున్న గోడ అల్మరా, పక్కనే ఉన్న డిష్‌వాషరు, ఈ మూడూ తీయక తప్పదు. చిక్కంతా పైపలకతో ఉంది. అది సింకు నుంచి స్టవ్వు దాకా ఒకే చెక్క కావడం వల్ల, మొత్తం ఎత్తి పక్కన పెట్టాలా, మధ్యలో కోసి మళ్లీ అతికించాలా అన్నది చూసిన వడ్రంగి మాత్రమే చెప్పగలడు. మీ సొత్తు మీద మా అంతట మేం కోత పెట్టించడం సబబు కాదు. మీరే ఎవరినైనా పంపిస్తారా, లేక ఇక్కడి వడ్రంగిని నన్ను మాట్లాడమంటారా? నన్ను మాట్లాడమంటే, ముందు ధర కాగితం తెప్పించి మీకు పంపి, మీరు సరేనన్నాకే పని అప్పగిస్తాను, బిల్లు నేరుగా మీ పేరనే రాయిస్తాను. అక్టోబరు 2 శుక్రవారం సాయంత్రానికల్లా అల్మరాలు విప్పి ఉండాలి, ఆ మరుసటి రోజు ఇక్కడ సెలవు, ఆ తర్వాత ఆదివారం. అంచనాకు వీలుగా గోడ కొలతలు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు దీనితో పాటు పంపుతున్నాను.

దుమ్ము విషయం ఇంతకంటే జాగ్రత్తగా రాయవలసి ఉంది. జర్మనీలో ఆస్బెస్టాస్ వాడకాన్ని 1993లో పూర్తిగా నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇళ్లలో టైల్స్ కింది జిగురులో, గోడల పూతలో అది ఉండే అవకాశం ఉందని మీకు తెలియనిది కాదు. ముట్టుకోనంత కాలం దానితో ప్రమాదం తక్కువ, పగలగొట్టినప్పుడు లేచే సన్నని పోగులే ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి. నోటీసు చివరి పేరాలో "నమూనాలు పరీక్షించబడినవి" అన్న మాట వరకు చదవగలిగాం. ఆ తర్వాతి వాక్యం మీద ఫొటోలో లైటు వెలుగు పడి తెల్లగా మెరుస్తోంది, కుడి మూల కొంత మడతలో పోయింది. మెట్ల దగ్గర అంటించిన ప్రతిలో మొదటి పేజీ మాత్రమే ఉంది, పెద్దాయన దగ్గర ఉన్న కాగితం కూడా అదే. పరీక్షలో ఏమీ లేదని తేలిందా, లేక ఉన్నందువల్ల ప్రత్యేక ఏర్పాట్లతో పని చేస్తారా అన్నది ఆ వాక్యంలోనే ఉండి ఉంటుంది. దయచేసి రెండో పేజీని పగటి వెలుతురులో, కాగితం చదునుగా పరిచి మరొకసారి ఫొటో తీసి పంపగలరు. వీలైతే ల్యాబు నివేదిక ప్రతిని కూడా ఓనరు హోదాలో మీరు వారిని అడిగి తెప్పిస్తే మాకు ఎంతో ఊరట. మాకు ఏడు నెలల పాప ఉందని మీకు తెలుసు. నివేదికలో ఏమున్నా, స్నానాల గదికి, వంటగదికి దుమ్ము బయటికి రాకుండా జిప్పు ఉన్న ప్లాస్టిక్ తెర కట్టమని పనివాళ్లకు ముందే చెప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఆ రెండు వారాలూ శ్రావణి పాపను తీసుకుని స్టుట్‌గార్ట్‌లో వాళ్ల అక్కయ్య గారింట్లో ఉంటుంది, నేను ఇక్కడే ఉంటాను. సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పని చేస్తాను కనుక తలుపు నేనే తీస్తాను. మిగతా మూడు రోజులు ఎనిమిదింటికి ఆఫీసుకు బయలుదేరాలి. తాళంచెవి పనివాళ్ల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, రెండో అంతస్తు పెద్దాయన తన దగ్గర ఉంచుకుని ఉదయం తెరిచి సాయంత్రం వేస్తానన్నారు. మీకు అభ్యంతరం లేకపోతే సమాధాన పత్రంలో ఆయన పేరే రాస్తాను. పని మొదలయ్యే రోజున నీటి మీటరు, కరెంటు మీటరు రీడింగులు ఫొటో తీసి మీకు పంపుతాను. గోడలు ఆరబెట్టే యంత్రాలు ఇంటి కరెంటుతోనే నడుపుతామని నోటీసులో ఉంది, కాబట్టి ఆ యూనిట్ల ఖర్చు పైపుల కంపెనీ భరిస్తుందా, ఓనర్ల ఖాతాలోంచి ఇస్తారా అన్నది మీరు కనుక్కోగలరు.

అద్దె గురించి రాయడానికి కొంత సంకోచంగా ఉన్నా, తర్వాత మాట రాకుండా ఇప్పుడే చెప్పడం మంచిదనుకుంటున్నాను. ఇంటికి అవసరమైన మరమ్మతులకు సహకరించడం అద్దెకున్నవారి బాధ్యత అని, అదే సమయంలో ఇల్లు వాడుకునే వీలు తగ్గిన రోజులకు అద్దె కూడా తగ్గుతుందని ఇక్కడి చట్టం చెబుతోంది. అక్టోబరు అద్దె ఎప్పటిలాగే మూడో పని దినం లోపు పూర్తిగా పంపుతాను, తగ్గింపు హక్కుకు లోబడి చెల్లిస్తున్నట్లు మాత్రం ట్రాన్స్‌ఫరులో ఒక మాట రాస్తాను. స్నానాల గది లేని రోజులకు ఎంత తగ్గించడం న్యాయమో మీరే ఆలోచించి చెప్పండి, నవంబరు అద్దెలో సర్దుకుందాం. ఈ రెండేళ్లలో మీరు మమ్మల్ని ఇంటివాళ్లలా చూసుకున్నారు, దీనికోసం అంకెలు పట్టుకుని వాదించే ఉద్దేశం నాకు లేదు. ఇది మరమ్మతు పని కనుక దీని ఖర్చు నెబెన్‌కోస్టెన్ లెక్కలోకి రాదని నా అవగాహన, అదీ ఒకసారి నిర్ధారించగలరు.

మరొక్క చిన్న సంగతి. దసరాకు మా అత్తగారు విజయవాడ నుంచి అక్టోబరు 18న వస్తున్నారు, టికెట్లు కొనడం కూడా అయిపోయింది. పని 16తో ముగియకుండా వెనక్కి జరిగే సూచన ఏదైనా మీకు అందితే, తేదీ ఖరారు కాకపోయినా సరే, వెంటనే నాకు ఒక మాట చెప్పండి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మూడు అంతస్తులు దిగి కెల్లర్‌లో స్నానం చేయడం కుదరని పని.

వంటగది విషయంలో మీ నిర్ణయం, రెండో పేజీ ఫొటో సెప్టెంబరు 14 సోమవారం నాటికి అందితే, సమాధాన పత్రంలో నా సంతకం చేసి స్కాన్ చేసి మీకు పంపుతాను. ఓనరు సంతకం గడి కూడా ఉంది కనుక మీరు సంతకం చేసి తిప్పి పంపితే, 17న ఆఫీసుకు వెళ్లేటప్పుడు హౌస్‌ఫర్వాల్టుంగ్ వారి పోస్టు డబ్బాలో నేనే వేసి వస్తాను. సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడగలను.

మేడమ్ గారికి మా ఇద్దరి నమస్కారాలు తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
కిరణ్
మూడో అంతస్తు, ఎడమ వైపు ఫ్లాటు, న్యూరెంబర్గ్

జతపరచినవి: నోటీసుకు మేం రాసుకున్న తెలుగు పాఠం, వంటగది ఫొటోలు, కొలతల కాగితం